పార్లరు పెట్టదలచిన కోడలు - బ్యాంకు అడిగిన కాగితాలు

మొన్నటి శ్రావణ శుక్రవారం నాడు వాయనం ఇచ్చుకొనడానికి వచ్చిన ముత్తైదువలలో ఒక కోడలు అందరూ వెళ్ళిపోయినా గడప దగ్గరే నిలబడి ఉన్నది. కామాఠీపుర గల్లీలలో పుట్టి పెరిగినది కాదు. కరీంనగరు వైపు నుండి పెళ్ళి చేసుకొని వచ్చి పదకొండేండ్లయినది. రెండేండ్లుగా ఇంటింటికీ పోయి కనుబొమ్మలు తీయడం, గోరింట పెట్టడం, పెళ్ళికూతుళ్ళకు చీర కట్టి ముస్తాబు చేయడం ఆమె పని. చేతిలోని ఫోను మా ముందుకు చాచి, “అక్కా, ఇది చూడున్రి. పార్లరుకని ఆడోళ్ళకు శృంగార్ లోన్ ఇస్తరంట. ఏ బ్యాంకుల అడిగినా మాకు తెల్వదంటున్నరు. మీరైనా చెప్పున్రి” అన్నది.

చూచినాము. ఆ వార్తలో అబద్ధము లేదు కాని, ఆయుష్షు తీరిన నిజం అది. భారతీయ మహిళా బ్యాంకు అని ఒకటి ఉండేది. 2013 నవంబరు 19వ తేదీన మన బొంబాయిలోనే ప్రారంభమైనది. బ్యూటీపార్లరు పెట్టుకొనే స్త్రీల కొరకు శృంగార్ అనే పేరుతో అప్పు ఇచ్చిన మాటా నిజమే. అయితే 2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకును స్టేట్ బ్యాంకులో కలిపివేసినారు. బ్యాంకే లేనప్పుడు ఆ పేరు గల అప్పు ఎక్కడిది? స్త్రీల కొరకు దేనా శక్తి అని ఇంకొక పేరు కూడా ఇట్లే తిరుగుచుండును. దేనా బ్యాంకు కూడా 2019 ఏప్రిల్ 1న బరోడా బ్యాంకులో లీనమైనది. “స్త్రీలకు పది ఋణ పథకాలు” అంటూ చేతులు మారే జాబితాలలో ఇట్లాంటివి కొన్ని ఉండనే ఉంటవి. కనుక పేరు చూచి పరుగెత్తరాదు. ఆ పథకము పెట్టిన సంస్థ నేడున్నదా, దాని పోర్టలు తెరుచుకొనుచున్నదా అన్నది ముందు చూచుకొనవలెను.

ఆమెను కూర్చోబెట్టి, ఉన్న దారులు చెప్పినాము. పాఠకులలో ఇంకెందరికో ఇదే సందేహము ఉండునని తోచి, ఈ నెల ఆ సంభాషణనే ఇక్కడ వ్రాయుచున్నాము.

నేటికి చెప్పదగిన దారులు ముఖ్యముగా రెండు. మొదటిది ముద్రా ఋణం, 2015 ఏప్రిల్ 8న మొదలైనది. ఇందులో 50,000 రూపాయల దాకా శిశు, అది దాటి 5 లక్షల దాకా కిశోర్, ఆపైన 10 లక్షల దాకా తరుణ్ అని మెట్లున్నవి. తరుణ్ అప్పు తీసుకొని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల దాకా ఇంకొక మెట్టు 2024 బడ్జెట్టులో చేర్చినారు. ముద్రా అనే సంస్థ నేరుగా ఎవరికీ అప్పు ఇవ్వదు. బ్యాంకులూ, చిన్న ఋణ సంస్థలూ ఇస్తవి. మన చాళ్లలో చాలామంది గ్రహించని విషయమొకటి ఉన్నది. ముద్రాలో సబ్సిడీ లేదు. తీసుకొన్న ప్రతి రూపాయీ వడ్డీతో తీర్చవలసినదే. “ముద్రాలో సగం మాఫీ అవుతుంది” అని ఎవరైనా చెప్పితే ఆయన వెనుక ఒక కమీషను ఉన్నదని తెలుసుకొనండి.

రెండవది ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. పి.ఎం.ఇ.జి.పి. అని పిలుచుదురు. 2008లో వచ్చినది. ఖాదీ గ్రామోద్యోగ కమీషను దీనికి పెద్ద దిక్కు. జిల్లా పరిశ్రమల కేంద్రములూ, రాష్ట్ర ఖాదీ బోర్డులూ దరఖాస్తులు చూచుదురు. సబ్సిడీ ఉన్నది ఇక్కడ. నగరంలో సాధారణ వర్గం వారికి మొత్తం ఖర్చులో నూటికి 15, ప్రత్యేక వర్గం వారికి నూటికి 25. ఊళ్ళలో ఇంకా ఎక్కువ, 25, 35. సేవావృత్తులకు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకొనవచ్చును. పార్లరు సేవావృత్తియే. ఇదే పద్ధతిలో మహారాష్ట్ర ప్రభుత్వము 2019లో ముఖ్యమంత్రి పేరుతో ఇంకొక పథకము పెట్టినది. నగరంలో స్త్రీలకు అందులోనూ నూటికి 25. కాని దానికి మహారాష్ట్ర నివాస ధ్రువపత్రము అడుగుదురు. కేంద్ర పథకములో ఆ పట్టు లేదు. ఈ రెండిటిలో ఒకటే తీసుకొనవలెను, రెండూ కుదరవు.

కేంద్ర పథకానికి ఇచ్చిన మంజూరు 2025-26 ఆర్థిక సంవత్సరం చివరి వరకు. ఆ తరువాత దరఖాస్తు పెట్టువారు పొడిగింపు ఉత్తర్వు ఉన్నదీ లేనిదీ kviconline.gov.in పోర్టలులో చూచుకొని, అప్పుడు కాగితాల పని మొదలుపెట్టవలెను.

ఇంత చెప్పగానే ఆ కోడలు ముఖం వాడిపోయినది. “అక్కా, ప్రత్యేక వర్గమంటే కులం కాగితం గావాలె గదా. మాది తెలంగాణ కాగితం. ఈడ చెల్లదన్నరు. ఆరు నెల్ల సంది తిరుగుతున్న” అన్నది.

ఆమె ఆరు నెలలు వృథాగా తిరిగినది. మన పద్మశాలీ, మున్నూరు కాపు, ఇతర కుటుంబాలలో ఎందరో ఇట్లే తాసిల్దారు కచేరీ చుట్టూ తిరుగుట మేము చూచినాము. పక్క రాష్ట్రపు కుల పత్రము ఇక్కడి పథకాలకు పనికిరాదన్న మాట సరియైనదే. కాని పి.ఎం.ఇ.జి.పి. నిబంధనలలో ప్రత్యేక వర్గము అన్న మాట క్రింద వెనుకబడిన కులాలతో పాటు స్త్రీలు అని విడిగానే వ్రాసియున్నది. స్త్రీ అయితే చాలు, ఏ కులమైనా ఆమె ప్రత్యేక వర్గమే. 25 శాతం సబ్సిడీ రావడానికీ, సొంత పెట్టుబడి 10 శాతానికి బదులు 5 శాతముతో సరిపెట్టుకొనడానికీ ఆమె ఆధారు కార్డుపై స్త్రీ అని ఉండుటే ఆధారము. దరఖాస్తు నింపేటప్పుడు ఆ గడిలో కులం ఎంచుకొని, పత్రము లేక చిక్కుకొన్నవారు ఉన్నారు. స్త్రీ అన్నదే ఎంచుకొనవలెను.

చదువు విషయములోనూ అనవసరపు భయమున్నది. సేవావృత్తిలో 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకే ఎనిమిదవ తరగతి ప్యాసు కావలెను. అంతకు లోబడిన దానికి బడి సర్టిఫికెట్టుతో పని లేదు. చిన్నప్పుడే బీడీలు చుట్టడానికి కూర్చున్న స్త్రీలకు ఇది పెద్ద వెసులుబాటు. ఇంకొక షరతు మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. భార్యాభర్తలిద్దరినీ ఒక్క కుటుంబంగా లెక్కించి ఒక్కరికే ఇస్తారు. భర్త ఎప్పుడో ఈ పథకములో తీసుకొని ఉంటే భార్యకు రాదు.

ఆమె లెక్క వేసుకొన్నాము. మామగారికి గల్లీ ముఖాన చిన్న గాలా ఉన్నది. ఒకప్పుడు అందులో దర్జీ పని జరిగేది. ఎత్తు దించుకొనే కుర్చీలు రెండు, ఫేషియల్ మంచము, అద్దాలు, అరలు, దీపాలు కలిసి 74,000. ఆవిరి యంత్రం, జుట్టు ఆరబెట్టేది, మైనపు కుంపటి, పనిముట్లు శుద్ధిచేసే పెట్టె కలిసి 26,000. ఏసీ 38,000. చాల్‌లో నీళ్ళు తెల్లవారుజామున కొన్ని గంటలే గనుక నీళ్ళ ట్యాంకూ, గీజరూ, చేతులు కడుగుకొనే తొట్టీ, వైరింగూ కలిసి 52,000. పెళ్ళికూతురి ముస్తాబు పెట్టె 30,000. ఇది 2,20,000 అయినది. మొదటి మూడు నెలల క్రీములు, మైనము, సహాయకురాలి జీతం వంటి నడుపుదల ఖర్చుకు 80,000. మొత్తం మూడు లక్షలు. ఇందులో ఆమె తెచ్చుకొనవలసినది 5 శాతం, అనగా 15,000. బ్యాంకు ఇచ్చేది 2,85,000. సబ్సిడీ 75,000.

ఆ 75,000 చేతికి వస్తుందనుకొనేవారు ఉన్నారు. రాదు. ప్రభుత్వము పంపిన సొమ్మును బ్యాంకు ఆమె పేరు మీద మూడేండ్ల డిపాజిట్టుగా వేసి తన దగ్గరే ఉంచుకొనును. ఆ డిపాజిట్టుకు వడ్డీ ఇవ్వదు. దానికి సమానమైన అప్పుపైన వడ్డీ తీసుకొనదు కూడా. అప్పటి నుండి వడ్డీ పడేది 2,10,000 మీద. మూడేండ్లు పార్లరు నడిచినదని తనిఖీలో తేలిన తరువాత ఆ 75,000 అప్పులో జమ అగును. ఈలోగా మూసివేస్తే ఆ డబ్బు వచ్చిన దారినే పోవును. అందుచేత సబ్సిడీని చూచి పెద్ద ప్రాజెక్టు వేసుకొనుట తెలివి కాదు. మూడేండ్లు తలుపు తెరిచి ఉంచగల ప్రాజెక్టు వేసుకొనవలెను.

అప్పుడామె ఉత్సాహముతో, “మరి రేపు పోయి కుర్చీ కొంట. క్రాఫర్డు మార్కెట్ల మంచిది చూసిన, అడ్వాన్సు కూడ ఇస్త” అన్నది. ఆపినాము. ఈ పథకములో మొదటి అప్పు కొత్తగా పెట్టే వ్యాపారానికి మాత్రమే. మంజూరుకు ముందే కుర్చీలు వేసి, బోర్డు తగిలించి, నాలుగు డబ్బులు సంపాదిస్తే అది నడుస్తున్న వ్యాపారమైపోవును, దరఖాస్తు కొట్టివేయుదురు. ముందు కావలసినది రసీదు కాదు, కొటేషను. అది జి.ఎస్.టి. నంబరు ఉన్న దుకాణము ఇచ్చినదై, ఆమె పేరు, వస్తువు పేరు, ధర, పన్ను, తేదీ విడివిడిగా వ్రాసి ఉండవలెను. తరువాత బ్యాంకు డబ్బును ఆమె చేతికి ఇవ్వక ఆ దుకాణానికే పంపును. చీటీ ముక్క మీద “కుర్చీ, 12,000” అని వ్రాసి ఇచ్చే దుకాణము ఎంత చౌకయైనా ఈ పనికి రాదు.

ఇక పేర్ల తంటా. బొంబాయి తెలుగువారికి ఇది వంశపారంపర్యముగా వచ్చిన ఆస్తి! పుట్టింటి కాగితాలలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఇక్కడికి రాగానే మరాఠీ పద్ధతిన అసలు పేరు, భర్త పేరు, చివర ఇంటిపేరు. ఈ కోడలి ఆధారులో లక్ష్మి తరువాత భర్త పేరూ, అత్తవారి ఇంటిపేరూ ఉన్నవి. పాన్ కార్డు పెళ్ళికి ముందుది, పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నిలిచినది. బ్యాంకు పాసుబుక్కులో లక్ష్మి కాస్తా “లక్ష్మీబాయి” అయినది. మనిషి ఒకతే, కంప్యూటరుకు ముగ్గురు.

దీనికి మేము చెప్పేదేమనగా, ఆధారులో ఉన్న పేరును గీటురాయిగా పెట్టుకొని మిగిలినవన్నీ దానికి సరిచేయండి. పాన్ కార్డు దిద్దుబాటుకు దరఖాస్తు ముందు వేయవలెను. ఏలననగా పాన్, ఆధారు పేర్లు కలియకపోతే ఉద్యం నమోదు దగ్గరే బండి ఆగును. పాన్ వచ్చిన తరువాత బ్యాంకు ఖాతా. పెళ్ళి సర్టిఫికెట్టు లేని పాత జంటలు ఇప్పుడైనా నమోదు చేయించుకొంటే పుట్టింటి పేరుకూ అత్తింటి పేరుకూ నడుమ అదే వంతెన అగును. ఇద్దరూ ఒకరే అని నోటరీ దగ్గర ప్రమాణపత్రము వ్రాయించుకొనుట తాత్కాలికమైన ఉపాయము. కొందరు మేనేజర్లు ఒప్పుకొందురు, కొందరు ఒప్పుకొనరు. ఈమెకు ఈ పేర్ల దిద్దుబాటుకే ఏడు వారాలు పట్టినది.

ఉద్యం నమోదు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. 2020 జులై 1 నుండి చిన్న వ్యాపారాలన్నిటికీ ఇదే గుర్తింపు. udyamregistration.gov.in లో ఆధారు, పాన్ ఇచ్చి చేసుకొనవచ్చును, పైసా రుసుము లేదు. పార్లరుకు వేయవలసిన అంకె 96020, క్షౌరము, సౌందర్య సేవలు అని దాని అర్థము. ఇదే పని చేసి పెడతామని రెండు మూడు వేలు పుచ్చుకొనే ప్రైవేటు సైట్లు సర్కారు ముద్రను పోలిన ముద్రలు వేసుకొని ముందు కనబడును. చిరునామా చివర gov.in ఉన్నదా అని చూచుకొనండి. పి.ఎం.ఇ.జి.పి. దరఖాస్తుకూ రుసుము లేదు, ఏజెంట్లను ఎవరినీ నియమించలేదు. సబ్సిడీలో పదోవంతు ఇస్తే పని చేయిస్తానని ఈ గల్లీలోనే ఒకాయన వచ్చినాడట. ఆయనకు ఇచ్చి ఉంటే ఇంకా రాని 75,000లో 7,500 ముందే పోయేవి.

అన్నిటికన్న కష్టమైనది జాగా కాగితము. మన చాళ్ల సంగతి తెలిసినదే గదా. గాలా పగిడీది. అద్దె రసీదు ఇంకా తాతగారి పేర ఉన్నది, ఆయన పోయి ఇరవై ఏండ్లు. కరెంటు బిల్లు మామగారి పేర. కోడలి పేర గోడకు కొట్టిన మేకు కూడ లేదు. బ్యాంకు మాత్రము “ఈ స్థలముపై నీకేమి హక్కు?” అని అడుగును.

ఇందులో చేయగలిగినది చేసినాము. మామగారు తన పేర ఉన్న బెస్ట్ బిల్లూ, పాత అద్దె రసీదులూ, తాతగారి మరణ ధ్రువపత్రమూ జతచేసి, ఈ గాలాలో కోడలు వ్యాపారము చేసుకొనడానికి తనకు అభ్యంతరము లేదని సమ్మతిపత్రము వ్రాసి ఇచ్చినారు. సొంత కుటుంబములోని మనిషి గనుక ఇంతతో బ్యాంకు సమాధానపడినది. కాని పగిడీ గాలాను బయటివారి దగ్గర అద్దెకు తీసుకొనేవారు జాగ్రత్త పడవలెను. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము ప్రకారము లీవ్ అండ్ లైసెన్సు ఒప్పందము వ్రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావలెను. యజమాని అనుమతి లేక పగిడీదారు ఇంకొకరికి ఇచ్చినచో అదే ఆయనను ఖాళీ చేయించడానికి కారణము కాగలదు. ఆయన కూలిపోతే మీ పార్లరూ కూలిపోవును. ఉండే ఖోలీలో తెర కట్టి పార్లరు పెట్టేవారికీ ఇదే మాట. నివాసానికి ఇచ్చిన గదిలో వ్యాపారము నడిపితే యజమానికి వంక దొరుకును. ఇంటి మీటరు మీద వ్యాపారము నడుపుట 2003 విద్యుత్ చట్టము ప్రకారము అనధికార వాడకం క్రిందికి రావచ్చును. పట్టుబడితే పాత బిల్లులు వ్యాపారపు రేటుకు రెండింతల లెక్కన తిరగరాసి వసూలు చేయుదురు. ఈ గాలాకు దర్జీ కాలము నుండీ వ్యాపారపు మీటరే ఉన్నందున ఆ బాధ తప్పినది.

గుమాస్తా లైసెన్సు కావలెనని అందరూ అందురు. 2017 చట్టము తరువాత ఒకరిద్దరు పనివారున్న చిన్న దుకాణానికి పాత రకపు లైసెన్సు లేదు. మునిసిపాలిటీకి ఆన్‌లైనులో తెలియజేసి రసీదు తీసుకొంటే చాలును. బ్యాంకువారు ఇప్పటికీ గుమాస్తా అని అడిగితే ఈ రసీదే చూపవలెను.

కాగితాలు కుదిరినవి. దరఖాస్తు జిల్లా కేంద్రము దాటి బ్యాంకుకు పోయినది. ఆ బ్యాంకు పేరు చెప్పము. అక్కడి అధికారి చిరునామా చదివి, నవ్వి, “కామాఠీపురలో బ్యూటీపార్లరా!” అన్నాడట. ఆమె ఇంటికి వచ్చి ఏడ్చినది. నిజాం రాజ్యము నుండి వచ్చి ఈ నగరపు గోడలు కట్టిన కామాఠీల పేరు గల పేట ఇది. కొన్ని గల్లీల అపకీర్తి చూచి పేట మొత్తాన్నీ, ఇక్కడ కాపురాలు చేసే ఆడపిల్లలందరినీ ఆ నవ్వుతో కొలుచుట మాకు కొత్త కాదు. ఉద్యోగాల దగ్గర, పెళ్ళి సంబంధాల దగ్గర ఎన్నోసార్లు అనుభవించినాము. చిరునామా మార్చి చుట్టాల ఇంటిది వేసుకొనమని సలహా ఇచ్చినవారున్నారు. మేము వద్దన్నాము. తనిఖీకి వచ్చినవారికి వ్రాసిన చోట పార్లరు కనబడకపోతే అసలుకే మోసము.

దానికి బదులు ప్రాజెక్టు రిపోర్టును తిరగరాసినాము. “సౌందర్య సేవలు” అన్న ఒక్క ముక్క తీసివేసి, చేసే పని ఏమిటో, ధర ఎంతో వ్రాసినాము: కనుబొమ్మలు, మైనము, ఫేషియలు, జుట్టు కత్తిరింపు, గోరింట, పెళ్ళికూతురి ముస్తాబు, చీర కట్టుట. స్త్రీలకు మాత్రమే అనీ, ఉదయం పది నుండి రాత్రి ఎనిమిది వరకే అనీ వ్రాసినాము. గల్లీ నుండి గాలా ముఖము, పక్కనున్న కిరాణా, ఎదుటి బడి కనబడునట్లు ఫొటో తీసి పెట్టినాము. ఆమె నేర్చుకొన్న శిక్షణ సర్టిఫికెట్టు, రెండేండ్లుగా ఇండ్లకు పోయి చేసిన పని వ్రాసుకొన్న నోటుబుక్కు నకలు జతచేసినాము. ఆ నోటుబుక్కు చూచి అధికారి ముఖము మారినదట. ఏ నెలలో ఎందరు పెళ్ళికూతుళ్ళు, ఎంత వచ్చినది, అంతా అందులో ఉన్నది.

ఆ నోటుబుక్కే మాకూ ఒక సంగతి నేర్పినది. బ్యాంకు నమూనా రిపోర్టులలో పన్నెండు నెలలకూ ఒకే ఆదాయము వేయుదురు. మన తెలుగువారి పార్లరు అట్లు నడవదు. మాఘము, వైశాఖము, శ్రావణము గడప నిండును. ఆషాఢము, పుష్యము ఖాళీ. మంచి నెలలో రోజుకు సగటున 900 వంతున 26 రోజులకు 23,400. అందులో సామానుకు 4,700, కరెంటుకు 2,500, సహాయకురాలికి 6,000 పోగా మిగిలేది 10,200. రెండు లక్షల పదివేలకు నూటికి 11 వడ్డీతో అయిదేండ్లలో తీర్చవలెనంటే నెలకు సుమారు 4,570. కట్టవచ్చును. ఆషాఢములో రాబడి సగమైతే సామాను ఖర్చు తగ్గినా, కరెంటూ జీతమూ తగ్గవు. చేతిలో మిగిలేది 850. కంతు ఎక్కడి నుండి కట్టును? ఆ ఒక్క కంతు తప్పితే బ్యాంకు రికార్డులో మచ్చ. అందుచేత కంతులు మొదలయ్యే నెల శ్రావణము తరువాత పడునట్లు విరామము అడిగినాము, బ్యాంకు ఇచ్చినది. పెళ్ళిళ్ళ నెలలో రెండు కంతుల డబ్బు విడిగా ఖాతాలో వేసి తాకకుండుటకు ఆమె ఒప్పుకొన్నది.

అధికారి ఇంకొకటి అడిగినాడు, బంగారము గాని, జామీనుదారు గాని ఉన్నదా అని. ఇంత చిన్న వ్యాపార ఋణాలకు ఆస్తి తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. ఆ మాట మర్యాదగా చెప్పి, కాదంటే కాదన్న కారణము వ్రాతపూర్వకంగా ఇవ్వమని అడుగమన్నాము. మళ్ళీ ఆ మాట రాలేదు. అయితే ఆమె సిబిల్ రిపోర్టులో ఒక చిక్కు బయటపడినది. ఎప్పుడో బచత్ గట్టులో తీసుకొన్న అప్పు తీరినా, అక్కడ తీరినట్లు వ్రాయలేదు. సంవత్సరానికి ఒకసారి ఈ రిపోర్టును ఉచితముగా తెప్పించుకొనవచ్చును. దరఖాస్తుకు ముందే తెప్పించుకొని ఉంటే మూడు వారాలు కలిసివచ్చేవి. ఇది మేము ముందు చెప్పకపోవుట మా పొరపాటే.

సొంతముగా పెట్టవలసిన 15,000 ఆమెకు భీషీలో వచ్చినది. భీషీ డబ్బు చేతి నుండి చేతికి పోతే బ్యాంకుకు కనబడదు. రాగానే ఖాతాలో వేయించినాము. మంజూరు తరువాత వ్యాపార శిక్షణ ఉండును. 5 లక్షల లోపు ప్రాజెక్టుకు అది అయిదు రోజులు. ఆ సర్టిఫికెట్టు లేనిదే సబ్సిడీ కదలదు. పెళ్ళి సీజనని ఈమె దానిని రెండుసార్లు వాయిదా వేయబోతే గట్టిగా మందలించినాము.

ఇప్పుడు పార్లరు తెరిచినది. మిగిలినది ఒక్క చింత. కామాఠీపుర పునర్నిర్మాణపు మాటలు నడుచుచున్నవి. వర్లీ బి.డి.డి. చాళ్లలో 2025 ఆగస్టులో మొదటి కుటుంబాలకు కొత్త ఇండ్ల తాళపుచెవులు ఇచ్చినారు. మన గల్లీ వంతు ఎప్పుడో తెలియదు. మూడేండ్ల లోపల గాలా ఖాళీ చేయవలసి వస్తే? ఈ ఆలోచనతోనే రిపోర్టులో గోడకూ నేలకూ అతికే పనులు తగ్గించి, కుర్చీలు, మంచము, యంత్రాల వంటి కదిలేవాటికే ఎక్కువ వేయించినాము. టైల్సు వేయించలేదని ఆమె ఇప్పటికీ అలుగును. పార్లరు వేరే చోటికి మార్చవలసి వస్తే, మార్చే ముందే బ్యాంకుకూ, జిల్లా కేంద్రానికీ కొత్త చిరునామా ఋజువుతో జాబు వ్రాసి, రసీదు ముద్ర వేయించుకొని ఉంచుకొనవలెను. తనిఖీకి వచ్చినవారికి పాత గాలాకు తాళము కనబడితే, మూసివేసినారని వ్రాసుకొని పోవుదురు. ఆ జాబు నకలు డిపాజిట్టు రసీదుతో కలిపి ఒకే సంచిలో పెట్టమని చెప్పినాము. ఆ సంచి నేడు వారి దేవుని గూటిలో, పసుపు డబ్బా వెనుక ఉన్నది.